ముఖ్య అతిథికి రెండు నిమిషాల స్వాగతం రాయాలి, కాస్త చూసి చెప్పండి

జీడితోట (పలాస)

అందరికీ నమస్కారం. నేను పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. వచ్చే శనివారం సాయంత్రం మా కంపెనీ వార్షికోత్సవం. ముఖ్య అతిథికి స్వాగతం చెప్పే పని మా మేనేజర్ గారు నాకు అప్పజెప్పారు. నాకు లెక్కలొచ్చు గానీ మైకు ముందు నోరు పెగలదు.

వస్తున్నది ఫ్యాక్టరీల శాఖలో పనిచేసి రిటైర్ అయిన ఒక మేడమ్. చాలా ఏళ్ల కిందట ఆవిడ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు మా ఫ్యాక్టరీకే తనిఖీకి వచ్చారట. పీలింగ్ షెడ్డులో ఆడవాళ్లు పప్పు మీద పొర తీస్తుంటే, వాళ్ల పక్కనే గోనెసంచుల మీద పసిపిల్లలు పడుకుని ఉన్నారట. పిల్లలకు విడిగా గది లేదని నోటీసు ఇచ్చారు. ఆ తర్వాతే షెడ్డు పక్కన గది కట్టారు, ఉయ్యాలలు వేశారు, ఒక ఆయమ్మను పెట్టారు. ఆ గది ఇప్పటికీ నడుస్తోంది. ఇదంతా నాకు పీలింగ్‌లో పాతకాలం నుంచి ఉన్నవాళ్లు చెప్పారు.

మేనేజర్ గారు రాసిచ్చిన కాగితం ఇలా మొదలవుతుంది:

> ఈనాటి ఈ శుభ సాయంత్రాన, మా ఆహ్వానాన్ని మన్నించి, ఎన్నో పనుల ఒత్తిడి మధ్య తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి మన మధ్యకు విచ్చేసిన, పరిచయం అక్కర్లేని మహోన్నత వ్యక్తి, బహుముఖ ప్రజ్ఞాశాలి, నిగర్వి, నిరాడంబరులు...

ఆ తర్వాత ఒక పేజీ బయోడేటా. చదువు, బదిలీలు, హోదాలు, సన్మానాలు. చదివి చూసుకుంటే ఏడు నిమిషాలు దాటింది. ఎండీ గారేమో రెండు నిమిషాల్లో అయిపోవాలన్నారు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? ఆ నోటీసు సంగతి ఎత్తాలా వద్దా? ఇదే పెద్ద టెన్షన్‌గా ఉంది.

రాజాం శ్రీను

అమ్మా, మేనేజర్ గారి కాగితంలో తప్పేం లేదు. బయోడేటా మొత్తం చదవాలి. లేకపోతే అతిథి చిన్నబుచ్చుకుంటారు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే ఏం బావుంటుంది? దానితో పాటు కంపెనీ ఎలా మొదలైంది, 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానంలో జీడితోటలు ఎలా కూలిపోయాయి, మళ్లీ ఎలా లేచాం, ఇవన్నీ కూడా వెయ్యి. జనం కదిలిపోతారు.

మొదట మాత్రం వరస తప్పకూడదు. సభకు అధ్యక్షత వహించేవాళ్లు ముందు, తర్వాత ముఖ్య అతిథి, తర్వాత గౌరవ అతిథులు, తర్వాత వేదిక మీద మిగతావాళ్లు, చివర కింద కూర్చున్నవాళ్లు. అందరి పేర్లూ చెప్పాలి. ఒక్కరిని వదిలేసినా ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు.

విజయనగరం మాస్టారు

శ్రీను గారు చెప్పిన వరస సరైనదే. అందరి పేర్లూ చదవమనడం మాత్రం సరికాదు. అందరినీ పేరుపేరునా వేదిక మీదకు పిలిచేది వ్యాఖ్యాత. అదే జాబితా స్వాగతం చెప్పే అమ్మాయి మళ్లీ చదివితే, ముఖ్య అతిథి పేరు వచ్చేసరికి జనం పకోడీల వైపు చూస్తుంటారు. "సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, మన కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు నమస్కారం" అంటే అందరూ వచ్చేసినట్టే. ఎవరినీ వదలలేదు, ఎవరినీ ముందువెనకలు చెయ్యలేదు.

నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. కాలేజీలో, ఊళ్లో, చుట్టుపక్కల మిల్లుల్లో స్వాగతాలు చెప్పీ, చెప్పించీ కొంత తెలుసుకున్నాను. అందులో పనికొచ్చేది ఒక్కటి చెబుతాను. అతిథికీ, మీ ఎదురుగా కూర్చున్నవాళ్లకూ మధ్య సంబంధం ఏమిటో వెతకండి. ఆవిడకు ఎన్ని హోదాలు ఉన్నా, పీలింగ్ షెడ్డులో పనిచేసే మనిషికి వాటితో పనిలేదు. ఆ గదితో పని ఉంది. మీకు ఆ సంబంధం ముందే దొరికింది. చాలామందికి అది దొరకకే విశేషణాలు పేరుస్తారు.

ఇక మేనేజర్ గారి వాక్యం. "పరిచయం అక్కర్లేని వ్యక్తి" అని ఒక పేజీ పరిచయం చేస్తే వినేవాళ్లు నవ్వుకుంటారు. "అమూల్యమైన సమయం", "మన్నించి", "విచ్చేసిన" అన్నవి ఏ సభలో ఏ అతిథికైనా సరిపోతాయి. అంటే ఈ మేడమ్ గురించి అవి ఏమీ చెప్పడం లేదు. "మహోన్నత", "బహుముఖ ప్రజ్ఞ", "నిగర్వి" లాంటివి ఎదురుగా కూర్చుని వినాల్సి రావడం ఆవిడకే ఇబ్బంది. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మీ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. మాట్లాడే తెలుగు కోసం ఆయన అంత పోరాడాక, మైకు పట్టుకోగానే మనకు "శుభ సాయంత్రాన" ఎందుకు?

రెండు నిమిషాలంటే తెలుగులో సుమారు 150 మాటలు. నిదానంగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పాలి కాబట్టి అంతకు మించి రాయకండి. చప్పట్ల సమయం కూడా అందులోనే పోతుంది.

బొబ్బిలి బాబ్జీ

మెమెంటో ఏం ఇస్తున్నారు? మా మేనకోడలి స్కూలు వార్షికోత్సవానికి ముఖ్య అతిథికి బొబ్బిలి వీణ బొమ్మ ఇచ్చాం, గాజు పెట్టెలో పెట్టి. ఆయన చాలా సంతోషించారు. మీ వైపు బుడితి ఇత్తడి సామాన్లు కూడా బావుంటాయి. శాలువా మాత్రం వద్దు, ప్రతివాళ్ల ఇంట్లో బీరువా నిండా అవే.

ఇంతకీ వందన సమర్పణ చివర్లో కదా చెప్పేది, ఇప్పటి నుంచే టెన్షన్ దేనికి?

జీడితోట (పలాస)

బాబ్జీ గారూ, వందన సమర్పణ కాదండీ, మొదట్లో చెప్పే స్వాగతం. మెమెంటో మా స్టోర్స్ వాళ్లు చూసుకుంటున్నారు. పొందూరు ఖద్దరు ఇస్తారనుకుంటా.

మాస్టారూ, మీరు చెప్పింది అర్థమైంది. మరి నోటీసు?

రణస్థలం హెచ్ఆర్

పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో ఉంటాను. ఇలాంటివి ఏటా మేమే నడుపుతాం. నోటీసు సంగతి తర్వాత. ముందు ఆవిడకే ఫోన్ చెయ్యండి. మేనేజర్ గారి కాగితంలో ఉన్న బయోడేటా ఎక్కడి నుంచి వచ్చింది? ఏదో పాత ఆహ్వాన పత్రిక నుంచి దించి ఉంటారు.

ఫోన్‌లో మూడు విషయాలు అడగండి. పేరు ఎలా రాసుకుంటారు, ఎలా పలకాలి, ఇంటిపేరు ముందు చెప్పాలా అక్షరాలు మాత్రమే చెప్పాలా. పేరు ముందు శ్రీమతి అనాలా, డాక్టర్ అనాలా. రిటైర్ అయ్యేనాటికి సరిగ్గా ఏ హోదాలో ఉన్నారు. ఆ శాఖలో ఇన్‌స్పెక్టర్, డిప్యూటీ చీఫ్ ఇన్‌స్పెక్టర్, జాయింట్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ అని వరసగా ఉంటాయి. బయటివాళ్లకు అన్నీ ఒకలాగే వినిపిస్తాయి, వాళ్లకు మాత్రం ఒక్కో మెట్టుకు ఏళ్లు పడతాయి. నేను వెళ్లిన ఒక సభలో అతిథి హోదా ఒక మెట్టు కిందకు చదివారు. పాపం ఆయన ఏమీ అనలేదు గానీ, తన ప్రసంగంలో మొదటి వాక్యంగా నవ్వుతూ సరిదిద్దుకోవాల్సి వచ్చింది. స్వాగతం చెప్పినాయన ఆ తర్వాత భోజనాల దగ్గర కనిపించలేదు.

ఇంకో మాట. ఆవిడ దేని మీద మాట్లాడతారో మీరు ముందే ప్రకటించకండి. "మేడమ్ ఇప్పుడు మహిళల భద్రత గురించి మనకు వివరిస్తారు" అని మీరంటే, ఆవిడ వేరే ఏదో అనుకుని వచ్చి ఉంటే ఇరుక్కుపోతారు. అలాగే స్వాగతంలో విన్నపాలు పెట్టకూడదు. "మేడమ్ తలుచుకుంటే మా ఫలానా అనుమతి..." అంటూ మొదలుపెట్టేవాళ్లను కళ్లారా చూశాను.

చీపురుపల్లి లక్ష్మి

జూట్ మిల్లులో పనిచేసి, యూనియన్‌లో తిరిగిన మనిషిని. మీరంతా మర్యాద గురించి మాట్లాడుతున్నారు, నేను ఆ గది గురించి మాట్లాడతాను.

ఆ గది కంపెనీ దయతో రాలేదు. అప్పటి చట్టంలో ఉంది, అయినా కట్టలేదు. ఆవిడ వచ్చి నోటీసు ఇస్తే కట్టారు. ఇప్పుడు వార్షికోత్సవంలో "మా కంపెనీ పిల్లల కోసం గది కట్టింది, దానికి మేడమ్ ప్రోత్సాహం" అని తియ్యగా చెబితే అది అబద్ధం. నోటీసు అనే మాట రావాలి. ఆవిడ పని అదే కదా, అందులో సిగ్గేముంది? కింద కూర్చున్న ఆడవాళ్లకు నిజం తెలుసు. తెలిసినవాళ్ల ముందు మెత్తగా చెబితే స్వాగతం చెప్పే అమ్మాయే పలచనవుతుంది.

రాజాం శ్రీను

లక్ష్మి గారూ, పండగ పూట గొడవ ఎందుకండీ. అయినా ఆ రూలు యాభై మంది ఆడవాళ్లు ఉంటేనే కదా. అప్పట్లో వాళ్ల దగ్గర అంతమంది లేరేమో, నోటీసే తప్పేమో.

చీపురుపల్లి లక్ష్మి

యాభై అన్నది పాత మాట. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో మొదట యాభై అనే ఉండేది, 1976లో దాన్ని ముప్ఫైకి తగ్గించారు. ముప్ఫై మంది కంటే ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలన్నది అప్పటి రూలు. గాలీ వెలుతురూ ఉండాలని, చూసుకోవడానికి శిక్షణ ఉన్న మనిషి ఉండాలని కూడా అందులో ఉండేది. పలాసలో ఒక మోస్తరు ఫ్యాక్టరీలో పీలింగ్, గ్రేడింగ్ కలిపితే లెక్క ముప్ఫై దగ్గర ఆగదు.

విజయనగరం మాస్టారు

లక్ష్మి గారు చెప్పిన చట్టం సరే. అయితే అది స్వాగతంలో చోటు దొరికే విషయం కాదు. సెక్షన్లు, సంవత్సరాలు చదివితే సభ తనిఖీలా మారిపోతుంది.

నా ఉద్దేశం ఇది. ఆవిడ ఆ గది కోసం పట్టుబట్టారన్నది చెప్పాలి, అది దాచకూడదు. "నోటీసు" అన్న మాట మాత్రం వద్దు. ఎందుకంటే ఆ మాట పడగానే వేదిక మీదున్న ఎండీ గారి ముఖం వైపు అందరూ చూస్తారు. అతిథి మీద ఉండాల్సిన దృష్టి ఆయన మీదకు మళ్లుతుంది. అతిథికి కూడా, తనను పిలిచి గౌరవిస్తున్న మనిషిని తన ముందే తలదించుకునేలా చేసినట్టవుతుంది. స్వాగతం అయ్యేసరికి వేదిక మీద ఎవరూ ఇబ్బందిగా కదలకూడదు.

రణస్థలం హెచ్ఆర్

దీనికి ఇంకో కోణం ఉంది. తనిఖీ చేసిన అధికారిని తనిఖీ చేయించుకున్న కంపెనీ పిలిచి సన్మానించడం. ఆవిడ రిటైర్ అయ్యారు కాబట్టి పరవాలేదు. సర్వీసులో ఉన్నవాళ్లయితే బహుమతుల విషయంలో ప్రవర్తనా నియమాలు ఉంటాయి, వాళ్లే రానంటారు. రిటైర్ అయినా సరే, "మన కంపెనీకి ఎప్పుడూ అండగా నిలిచిన మేడమ్" లాంటి మాట ఒక్కటి పడిందంటే ఆవిడ ఉద్యోగమంతా అనుమానంలో పడుతుంది. పొగుడుతున్నామనుకుని మచ్చ పెట్టినట్టే. ఆ వాక్యం మేనేజర్ గారి కాగితంలో ఎక్కడైనా ఉందేమో చూడండి.

జీడితోట (పలాస)

హెచ్ఆర్ గారూ, ఉందండీ! "మన సంస్థ అభివృద్ధికి సర్వదా సహకరించిన" అని రెండో పేరాలో ఉంది. ఇప్పుడే కొట్టేశాను.

మేడమ్‌కు ఇవాళ మధ్యాహ్నం ఫోన్ చేశాను. చాలా బాగా మాట్లాడారు. హోదా ఒకటి తప్పే రాశారు, ఆవిడ జాయింట్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యారు. నోటీసు గురించి భయపడుతూనే అడిగాను. "కాగితాల సంగతి వద్దమ్మా, అప్పుడు నా పని నేను చేశాను. ఆ గది ఇంకా ఉందా? ఉంటే సభకు ముందు ఒకసారి చూపించండి" అన్నారు.

ఇదిగో నేను రాసుకున్నది:

> అందరికీ నమస్కారం. సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, మన కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు నమస్కారం. నాకు పెద్దగా మాట్లాడటం రాదు, తప్పులుంటే క్షమించండి. ఇవాళ మన ముఖ్య అతిథి శ్రీమతి ______ గారు. వారు ఫ్యాక్టరీల శాఖలో జాయింట్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యారు. మేడమ్, మీరు మా ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు పిల్లల గది కావాలన్నారు. వారి వల్లే ఇవాళ ఆ గది ఉంది. మీ రాక మాకు ఎంతో ఆనందం. వారిని సాదరంగా ఆహ్వానిస్తున్నాను.

ఎలా ఉంది?

విజయనగరం మాస్టారు

మాట బావుంది, కూర్పు కుదరలేదు. మూడు సవరణలు.

"నాకు మాట్లాడటం రాదు" తీసెయ్యండి. అది వినయంలా కనిపిస్తుంది గానీ, అతిథి గురించి చెప్పాల్సిన రెండు నిమిషాల్లో మీ గురించి చెప్పుకున్నట్టవుతుంది.

రెండోది ముఖ్యం. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడం లేదు. "వారు రిటైర్ అయ్యారు" అన్నారు, వెంటనే "మేడమ్, మీరు" అన్నారు, మళ్లీ "వారి వల్లే", మళ్లీ "మీ రాక". తల అటూ ఇటూ తిప్పలేక మీకే మెడనొప్పి వస్తుంది. మొదట అంతా సభతో చెప్పండి, ఆవిడ గురించి. అక్కడ "వారు" అనండి, లేదా మన వైపు అనుకునేట్టు "ఆవిడ" అన్నా తప్పులేదు. అది పూర్తయ్యాక ఒకేసారి ఆవిడ వైపు తిరిగి "మీరు" అనండి. తిరగడం ఒక్కసారే. ఆ తిరగడమే స్వాగతం.

మూడోది, పేరు ముందే చెప్పేశారు. పేరు చెప్పగానే చప్పట్లు వస్తాయి. తర్వాత చెప్పేది ఎవరూ వినరు. ముందు గది గురించి చెప్పండి. అది ఎవరో ఒకరి వల్ల వచ్చిందని వినేవాళ్లకు అర్థమవ్వాలి. చివరికి పేరు రావాలి. పేరుతో ముగించి కూర్చోండి.

"వారి వల్లే గది ఉంది" అన్నది కూడా కొంచెం తగ్గించాలి. ఆవిడ అడిగారు, కంపెనీ కట్టింది, ఆయమ్మలు ఇన్నేళ్లు నడిపారు. ఉన్నదున్నట్టు "మొదట గట్టిగా అడిగిన మనిషి" అంటే చాలు.

మైకు మూర్తి (శ్రీకాకుళం)

మాస్టారు గారికి నమస్కారం. నేను సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తాను, అవసరమైతే యాంకరింగ్ కూడా చేస్తాను. పేరుతో ముగించడం గురించి నాకు వేరే అనుభవం.

పేరు చెప్పి కూర్చుంటే చప్పట్లు బావుంటాయి. కానీ అతిథి వైపు తిరిగి "మీరు" అనే వాక్యం ఎప్పుడు చెబుతారు? పేరుకు ముందే చెబితే జనానికి ఎవరితో మాట్లాడుతున్నారో అంతుపట్టదు. అందుకని పేరు చెప్పి ఆగండి. చప్పట్లు పూర్తిగా తగ్గేదాకా ఆగండి, కంగారుపడి మధ్యలో మొదలుపెట్టొద్దు. అప్పుడు అతిథి వైపు తిరిగి ఆ రెండు వాక్యాలు చెప్పండి. ఆ రెండు వాక్యాలే ఆవిడకు గుర్తుంటాయి.

ఆ తిరగడంలోనే చిక్కుంది. పోడియం మీద మైకు బిగించి ఉంటే, మీరు తల పక్కకు తిప్పగానే గొంతు పోతుంది. నోటికి మైకుకు మధ్య జానెడు దూరం దాటితే వెనక వరసలకు వినపడదు. మీరు ఎంతో ప్రేమగా చెప్పిన మాట ముందు రెండు వరసలకే అందుతుంది. దానికి రెండు దారులు. కార్డ్‌లెస్ మైకు అడిగి గడ్డం దగ్గర పట్టుకుంటే, మీతో పాటు అదీ తిరుగుతుంది. లేదా పోడియం దగ్గర మీరు నిలబడే చోటే కాస్త మార్చుకోండి. అతిథి కుర్చీ మీకు ఎడమవైపు ఉంటే మైకుకు కుడివైపు జరిగి నిలబడండి. అప్పుడు అతిథిని చూసినా నోరు మైకు మీదే ఉంటుంది. సభకు ముందు సౌండ్ చెక్‌లో ఒకసారి నిలబడి చూసుకోండి.

ఇంకోటి. బొకే స్వాగతం అయ్యాకే. మీరు మాట్లాడుతుండగా ఎవరో పూలగుత్తి పట్టుకుని మెట్లెక్కుతుంటే ఫోటోగ్రాఫర్ మీకు అడ్డంగా వచ్చేస్తాడు. ఎవరు ఇస్తారో ముందే అనుకుని, మీరు దిగాక వాళ్లు ఎక్కాలని యాంకర్‌కు చెప్పండి. అతిథి ఆలస్యమై సభ ముందే మొదలైపోతే మొదటి నమస్కారాలన్నీ వదిలేసి నేరుగా గది దగ్గర మొదలుపెట్టండి, అప్పటికే అందరూ అందరికీ దణ్ణాలు పెట్టేసి ఉంటారు.

విజయనగరం మాస్టారు

మూర్తి గారి పద్ధతిలో చప్పట్లు తగ్గేదాకా ఆగడం కొత్తవాళ్లకు కష్టం. ఆ నాలుగు క్షణాలు నాలుగు నిమిషాల్లా ఉంటాయి, నోట్లోంచి ఏదో ఒకటి వచ్చేస్తుంది. అందుకే పేరుతో ముగించమన్నాను. ధైర్యం ఉంటే మాత్రం ఆయన చెప్పిందే బావుంటుంది, ఒప్పుకుంటాను.

బొబ్బిలి బాబ్జీ

మా మేనకోడలు కూడా మైకు ముందు బిగుసుకుపోయింది. ముందు వరసలో వాళ్లమ్మ కూర్చుంటే ఆమెను చూస్తూ చెప్పేసింది. మీరు కూడా ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. పొందూరు ఖద్దరు మంచి ఆలోచన.

జీడితోట (పలాస)

రాత్రి కూర్చుని మళ్లీ రాశాను. పీలింగ్ సెక్షన్‌లో ఇద్దరు పెద్దవాళ్లకు చదివి వినిపించాను. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. రెండో ఆవిడ "మా అబ్బాయి కూడా ఆ గదిలోనే పెరిగాడు, ఇప్పుడు గ్రేడింగ్‌లో ఉన్నాడు, అది కూడా చెప్పు" అంది. చేర్చాను.

> అందరికీ నమస్కారం. సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, మన కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు నమస్కారం.
>
> పీలింగ్ షెడ్డు పక్కన ఉన్న పిల్లల గది మనందరికీ తెలుసు. పొద్దున్నే అక్కడ పిల్లల్ని దింపి షెడ్డులోకి వెళ్లే అమ్మలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ గదిలో ఉయ్యాల ఊగి, ఇవాళ మన గ్రేడింగ్‌లో పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు.
>
> ఒకప్పుడు ఆ గది లేదు. పిల్లలు షెడ్డులోనే, గోనెసంచుల మీద పడుకునేవారు. వాళ్లకు ఒక గది ఉండాలని మొదట గట్టిగా అడిగిన మనిషి ఇవాళ మన వేదిక మీద ఉన్నారు. ఫ్యాక్టరీల శాఖలో జాయింట్ చీఫ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయిన శ్రీమతి ______ గారు, మన ముఖ్య అతిథి.
>
> (చప్పట్లు తగ్గాక, మేడమ్ వైపు తిరిగి)
>
> మేడమ్, అప్పుడు మీరు డ్యూటీ మీద వచ్చారు. ఇవాళ మేం పిలిస్తే వచ్చారు. మా అందరి తరఫున మీకు స్వాగతం.

గడియారం పెట్టి చదివాను. చప్పట్లు కాకుండా నిమిషంన్నర లోపే అయిపోయింది.

రణస్థలం హెచ్ఆర్

"అప్పుడు డ్యూటీ మీద వచ్చారు, ఇవాళ మేం పిలిస్తే వచ్చారు." ఇంతకన్నా ఏం కావాలి? నోటీసు మాట లేదు, దాచిందీ లేదు. ఎండీ గారికి ఒకసారి ముందే చూపించండి. "ఒకప్పుడు ఆ గది లేదు" అన్న వాక్యం వేదిక మీద మొదటిసారి వింటే ఆయన ఉలిక్కిపడొచ్చు. ముందే తెలిస్తే తనే తలూపుతారు.

కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒకే పేజీలో ప్రింట్ తీయండి, వాక్యానికి వాక్యానికి మధ్య ఖాళీ వదిలి. ఫోన్‌లో చూసి చదవొద్దు. సరిగ్గా పేరు దగ్గరకు వచ్చేసరికి ఎవరిదో కాల్ వస్తుంది. మేడమ్ పేరు మాత్రం కాగితం మీద అక్షరం అక్షరం విడివిడిగా రాసుకోండి. టెన్షన్‌లో అందరం మరిచిపోయేది తెలిసిన పేరే.

రాజాం శ్రీను

బాగానే ఉంది గానీ నాకు ఇంకా పొట్టిగానే అనిపిస్తోంది. కనీసం ఆవిడ ఏ ఊరివాళ్లో, ఏం చదువుకున్నారో ఒక వాక్యం వెయ్యచ్చు కదా. తిత్లీ సంగతి కూడా లేదు.

విజయనగరం మాస్టారు

శ్రీను గారూ, తిత్లీ వచ్చింది ఉద్దానానికి. ముఖ్య అతిథికీ దానికీ సంబంధం లేదు. అది ఎండీ గారి వార్షిక నివేదికలో చెప్పుకోవచ్చు. చదువు సంగతి ఆహ్వాన పత్రికలో అచ్చువేయించండి, కావలసినవాళ్లు చదువుకుంటారు.

పద్మమ్మో, లక్ష్మమ్మో, మీ పేరు తెలియదు గానీ అమ్మాయ్, ఒక్క చిన్న మాట. "ఉయ్యాల ఊగి" దగ్గర కాసేపు ఆగండి. అక్కడ కింద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు నవ్వుతారు, లేదా పక్కవాళ్లను మోచేత్తో పొడుస్తారు. ఆ అలికిడి అయ్యాకే "ఒకప్పుడు ఆ గది లేదు" అనండి.

చీపురుపల్లి లక్ష్మి

అమ్మాయి బాగా రాసింది, కాదనను. "గట్టిగా అడిగిన" అన్నది ఎవరికైనా అర్థమవుతుంది. అయినా నా మాట నాదే. అడిగితే కట్టలేదు, కాగితం ఇస్తే కట్టారు. ఆవిడే వద్దన్నారు కాబట్టి ఊరుకుంటున్నాను. లేకపోతే ఆ మాట ఉండాలనే అనేదాన్ని.

మీ దగ్గర మందస, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియా మాట్లాడేవాళ్లు పనిచేస్తున్నారా? ఉంటే మొదటి నమస్కారం దగ్గర "నమస్కార" అని వాళ్ల పలుకులో ఒక్క మాట అనండి. అంతా తెలుగులో నడిచే సభలో వెనక వరసలో కూర్చుని ఉంటారు పాపం.

మైకు మూర్తి (శ్రీకాకుళం)

ఒడియా మాట బావుంటుంది గానీ, ఒక్కటే చాలు. ఇంకో వాక్యం ప్రయత్నిస్తే నవ్వులపాలవుతుంది. నేను చేసి చూశాను.

జీడితోట (పలాస)

ఉన్నారండీ, కటింగ్‌లో చాలామంది ఒడియావాళ్లే. "నమస్కార" చేరుస్తాను.

ఎండీ గారికి చూపించాను. రెండుసార్లు చదివారు. "గోనెసంచులు అనాలా?" అని అడిగారు. పీలింగ్‌లో పెద్దవాళ్లు అదే చెప్పారన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "సరే, ఉంచు" అన్నారు. మేనేజర్ గారు మాత్రం ఇంకా ఆ "బహుముఖ ప్రజ్ఞాశాలి" ఒక్కటైనా పెట్టమంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

రణస్థలం హెచ్ఆర్

వందన సమర్పణ మేనేజర్ గారికి అప్పజెప్పండి. మొత్తం కాగితం అక్కడ చదువుకుంటారు. అప్పటికి భోజనాలు మొదలై ఉంటాయి.

బొబ్బిలి బాబ్జీ

ఇందాక అదే కదా నేనన్నది, వందన సమర్పణ చివర్లోనని!